170 పేజీల టెండర్‌ను రెండు పేజీలకు కుదించడం: బిడ్ వేయాలా వద్దా తేల్చే సారాంశం

ప్రశ్న: మాది ఎనిమిది మంది పనిచేసే చిన్న సంస్థ. సీసీ కెమెరాలు బిగించి, మూడేళ్లు మెయింటెనెన్స్ చూసే టెండర్ ఒకటి వచ్చింది. డాక్యుమెంట్ 170 పేజీలు, దానిపైన రెండు సవరణలు. అర్హతలు, తేదీలు, ఇవ్వాల్సిన కాగితాలు కుదించి రాయమన్నారు మా పార్ట్‌నర్లు. రాస్తే 22 పేజీలు వచ్చింది. అది చదివాక కూడా వేయాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎలా రాయాలండీ?

జవాబు:

మొదటి పేజీ నుంచి వరుసగా చదువుతూ, ముఖ్యం అనిపించిందల్లా రాసుకుని ఉంటారు. అలా చదివితే ఎవరికైనా ఇరవై పేజీలు వస్తాయి. ఎందుకంటే టెండర్ డాక్యుమెంట్‌లో సగానికి సగం ఆ సంస్థ ప్రతి టెండర్‌లోనూ పెట్టే పాత పాఠమే. ఈ టెండర్‌కి మాత్రమే సంబంధించిన సంగతులు కొన్ని చోట్లే ఉంటాయి. ముందు అక్కడికి వెళ్లాలి.

ప్రపంచ బ్యాంకు ప్రామాణిక పత్రాల్లోనూ, వాటి నమూనాలో తయారైన టెండర్లలోనూ ‘బిడ్డర్లకు సూచనలు’ అనే పెద్ద అధ్యాయం ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా, మార్పులన్నీ ‘బిడ్ డేటా షీట్’ అనే చిన్న భాగంలో పెడతారు. రెండింటికీ తేడా వస్తే డేటా షీట్ మాటే చెల్లుతుంది. కాంట్రాక్ట్ షరతుల్లోనూ ఇదే పద్ధతి. సాధారణ షరతులు ఒకటి చెప్పి, ప్రత్యేక షరతులు ఇంకొకటి చెబితే ప్రత్యేక షరతులదే పైచేయి. మీ డాక్యుమెంట్‌లో పేర్లు వేరుగా ఉండొచ్చు. ఏది దేనిపైన చెల్లుతుందో చెప్పే క్లాజు మాత్రం ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతికి, దాని నంబరు మీ సారాంశంలో మొదటే రాసుకోండి.

అందుకని చదివే వరుస ఇలా ఉండాలి. ముందు ఆఖరి సవరణ, తర్వాత దాని ముందుది. ఆ తర్వాత డేటా షీట్, అర్హత ప్రమాణాలు, చివర్లో ఉండే ఫారాలు, ప్రత్యేక షరతులు, సాంకేతిక అవసరాలు. బిడ్డర్లకు సూచనలు, సాధారణ షరతులు ఆఖరున, అదీ సందేహం వచ్చిన క్లాజు వరకే. సవరణలు ముందు చదవమనడం ఎందుకంటే, ముందే మారిపోయిన క్లాజు మీద గంట కూర్చుని లాభం లేదు. చదివిన వెంటనే అసలు డాక్యుమెంట్‌లో ఆ క్లాజు పక్కన ‘సవరణ 2లో మారింది’ అని రాసేయండి.

వరుసగా చదవడం అయ్యాక పీడీఎఫ్‌లో ఈ మాటలు ఒక్కొక్కటిగా వెతకండి:

```
shall submit
must
reject
disqualif
non-responsive
failing which
notwithstanding
original
notari
```

disqualif, notari అని సగంలో ఆపింది కావాలనే. ఆ మాటల అన్ని రూపాలూ దొరుకుతాయి. మొదలుపెట్టే ముందు, ఎదురుగా పేజీలో కనిపిస్తున్న ఏదో ఒక మాట వెతికి చూడండి. అది దొరకకపోతే ఆ పేజీలు స్కాన్ చేసిన బొమ్మలని అర్థం. అప్పుడు వెతుకులాట ఖాళీగా వచ్చినా ఏమీ లేదనుకోకూడదు, కళ్లతోనే చదవాలి. సంతకాలు చేసి స్కాన్ చేసి పెట్టేవి ఎక్కువగా సవరణలే, కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇక అర్హతలు. మీ 22 పేజీల సారాంశం పని చేయకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉందనుకుంటున్నాను. డాక్యుమెంట్ ఏమడిగిందో రాసి ఉంటారు. మీ దగ్గర ఏముందో పక్కన రాసి ఉండరు. ప్రతి అర్హతకీ నాలుగు సంగతులు ఒకే వరుసలో ఉండాలి: క్లాజు నంబరు, పేజీ; షరతు, దాని సొంత మాటల్లోనే; మన అంకె, దాన్ని రుజువు చేసే కాగితం; చివరగా ‘ఉంది’, ‘లేదు’, ‘తేలాలి’ అనే మూడింటిలో ఒకటి. షరతుని సొంత మాటల్లోనే దింపమనడానికి కారణం ఉంది. మనం కుదించి రాసేటప్పుడు మొదట రాలిపోయేవి ‘లేదా’, ‘ఒక్కొక్కటి’, ‘ఆడిట్ అయిన’ లాంటి చిన్న మాటలు. అర్హత ఉందా లేదా అన్నది వాటి మీదే ఆధారపడుతుంది.

ఒక ఉదాహరణ అంకెలతో చూద్దాం. ‘ఆడిట్ పూర్తయిన గత మూడు ఆర్థిక సంవత్సరాల సగటు వార్షిక టర్నోవర్ 120 లక్షలకు తగ్గరాదు’ అని ఉందనుకోండి. మీ టర్నోవర్ వరుసగా నాలుగేళ్లలో 70, 90, 110, 175 లక్షలు. చివరి మూడేళ్ల సగటు 125. హమ్మయ్య అనుకుని ‘ఉంది’ అని రాసేస్తారు. కానీ 175 లక్షల సంవత్సరం లెక్కల మీద ఆడిటర్ సంతకం ఇంకా కాలేదు. అప్పుడు లెక్కలోకి వచ్చేవి 70, 90, 110. సగటు 90, అంటే అర్హత లేనట్టే. ఈ వరుసలో రాయాల్సింది ‘తేలాలి: ఫలానా తేదీలోగా ఆడిట్ సంతకం అయితే ఉంది, లేకపోతే లేదు’ అని. పార్ట్‌నర్లకి కావాల్సింది ఈ ఒక్క వాక్యం. దీంతో వాళ్లు ఆడిటర్‌కి ఫోన్ చేసి అడగగలరు. ‘టర్నోవర్ 120 లక్షలు ఉండాలి’ అని రాసి ఇస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

అనుభవం షరతు ఇంకా జాగ్రత్తగా చదవాలి. ‘గత ఐదేళ్లలో పూర్తి చేసిన ఇలాంటి పని ఒకటి, విలువ 60 లక్షలకు తగ్గకుండా, లేదా రెండు పనులు, ఒక్కొక్కటి 40 లక్షలకు తగ్గకుండా’ అనుకోండి. మీ దగ్గర 65 లక్షల ఆర్డర్ ఉంది. అయితే అందులో 22 లక్షలు కంప్యూటర్లవి, కెమెరాల పని 43 లక్షలే. ‘ఇలాంటి పని’ అంటే ఏమిటో డాక్యుమెంట్ నిర్వచించి ఉంటుంది, చాలాసార్లు పట్టిక కింద చిన్న అక్షరాల్లో. అక్కడ కెమెరాల వ్యవస్థ మాత్రమే అని ఉంటే మొదటి దారి మూసుకుపోయినట్టే. రెండో దారిలో 43 లక్షలు ఒక పనిగా పనికొస్తుంది. మీరు ఇంకో సంస్థ కింద సబ్‌కాంట్రాక్టర్‌గా చేసిన 41 లక్షల పని ఉందనుకుందాం. అది రెండో పనిగా చెల్లుతుందా? కొన్ని టెండర్లు సబ్‌కాంట్రాక్టర్‌గా చేసినదాన్ని స్పష్టంగా ఒప్పుకుంటాయి. కొన్ని ప్రధాన కాంట్రాక్టర్‌గానే చేసి ఉండాలంటాయి. కొన్ని ఏమీ చెప్పవు. ఏమీ చెప్పకపోతే మనకు అనుకూలంగా ఊహించుకోకుండా ‘తేలాలి’ అని రాసి, టెండర్ పిలిచినవాళ్లకి పంపే ప్రశ్నల్లో చేర్చాలి.

‘పూర్తి చేసిన’ అన్న మాట అర్థం కూడా చూసుకోండి. నిర్మాణ పనులకు వాడే ప్రపంచ బ్యాంకు నమూనాల్లో 80 శాతం అయిన పనిని చాలావరకు పూర్తయినట్టే లెక్కిస్తారు. ఇంకో టెండర్‌లో పని పూర్తయిందని క్లయింట్ రాసిచ్చిన సర్టిఫికెట్ ఉంటేనే లెక్కలోకి వస్తుంది. ఆ సర్టిఫికెట్‌లో విలువ, పూర్తయిన తేదీ రెండూ ఉండాలని కూడా అడగొచ్చు. మీ దగ్గర ఆర్డర్ కాపీ ఒక్కటే ఉంటే కాగితం గడిలో నిజాయితీగా ‘సర్టిఫికెట్ లేదు, తెప్పించాలి’ అని రాయండి.

ఇంకో సంగతి. అర్హతలన్నీ అర్హతల అధ్యాయంలోనే ఉంటాయనుకోవద్దు. ఫారాల్లో ‘తయారీదారు అధికార పత్రం’ కనిపిస్తే, మీరు పెట్టే కెమెరాల కంపెనీ ఈ టెండర్ నంబరు వేసి, మీ పేరు మీద లెటర్ ఇవ్వాలన్నమాట. అది ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే మిగతావన్నీ ఉన్నా ఆ బ్రాండ్‌తో బిడ్ వేయలేరు. అలాగే సాంకేతిక అవసరాల మధ్యలో ‘ఫిర్యాదు అందిన 4 గంటల్లో ఇంజినీర్ చేరాలి’ అని ఒక వాక్యం ఉండొచ్చు. పేరుకి అది సర్వీసు షరతు. అన్ని సైట్ల దగ్గరా మనుషుల్ని పెట్టుకోలేని ఎనిమిది మంది సంస్థకి మాత్రం అది అర్హతే. ఇలాంటివి ఎక్కడ దొరికినా అర్హతల పట్టికలోకే తీసుకురండి.

‘లేదు’ అని తేలిన వరుస ఒక్కటి ఉన్నా అక్కడితో ఆగి, జాయింట్ వెంచర్‌కి అనుమతి ఉందా అని చూడండి. ఉంటే టర్నోవర్ అందరిదీ కలిపి లెక్కేస్తారా, ఒక్కొక్కరికీ కనీసం ఎంత ఉండాలి అన్నది రాయండి. ఒక్కొక్కరికి 25 శాతం, కనీసం ఒకరికి 40 శాతం అనే పద్ధతి తరచుగా కనిపిస్తుంది. పై ఉదాహరణలో అది 30 లక్షలు, 48 లక్షలు అవుతుంది. అనుమతి లేకపోతే తేదీలు, కాగితాలు రాసే శ్రమ అక్కర్లేదు. ఆ ఒక్క క్లాజు చూపించి ‘వేయలేం’ అని పార్ట్‌నర్లకి చెప్పేయండి.

తేదీల దగ్గర అందరూ చేసేది నోటీసులో ఉన్న తేదీలు దించేయడం. సవరణ వచ్చాక అది ప్రమాదం. ఉదాహరణకి బిడ్ గడువు జూన్ 18 ఉండగా, సవరణ 1 దాన్ని జూన్ 25కి మార్చిందనుకోండి. మిగతా తేదీల గురించి సవరణ ఏమీ చెప్పలేదు. ప్రశ్నలు పంపే గడువు సంగతేమిటి? డేటా షీట్‌లో ‘బిడ్ గడువుకు 10 రోజుల ముందు వరకు’ అని ఉంటే అది కూడా జూన్ 8 నుంచి జూన్ 15కి జరిగినట్టే. ‘జూన్ 8’ అని నేరుగా తేదీ వేసి ఉంటే అది జరగలేదు. మీరు జూన్ 10న చదువుతున్నారంటే, మొదటి సందర్భంలో ఇంకా అడగొచ్చు, రెండో సందర్భంలో తలుపు మూసేశారు. కాబట్టి ప్రతి తేదీ పక్కనా అది నేరుగా ఇచ్చిన తేదీనా, లెక్కేసుకోవాల్సిన తేదీనా, ఏ సవరణ ప్రకారం అన్నది రాయండి. సమయం కూడా రాయాలి. అది ఏ టైమ్‌జోన్‌దో, ఎవరి గడియారం ప్రకారమో కూడా. ఆన్‌లైన్ బిడ్ అయితే పోర్టల్ గడియారమే లెక్క.

చిన్న సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది బిడ్ సెక్యూరిటీ చెల్లుబాటు దగ్గర. చాలామంది దీన్నే ఈఎండీ అంటారు. బిడ్ గడువు నుంచి 90 రోజులు బిడ్ చెల్లుబాటులో ఉండాలి, సెక్యూరిటీ దానిపైన ఇంకో 28 రోజులు ఉండాలి అన్నది తరచుగా కనిపించే షరతు. పాత గడువు జూన్ 18 ప్రకారం బిడ్ చెల్లుబాటు సెప్టెంబర్ 16, సెక్యూరిటీ అక్టోబర్ 14 వరకు. కొత్త గడువు జూన్ 25 ప్రకారం సెప్టెంబర్ 23, అక్టోబర్ 21. సవరణకి ముందే బ్యాంకులో గ్యారంటీ తీసుకుని అక్టోబర్ 14 వేయించుకుంటే ఏడు రోజులు తక్కువ. ధర తక్కువ కోట్ చేసినా, సాంకేతికంగా బాగున్నా ఆ ఏడు రోజులు చాలు, బిడ్ పక్కన పెట్టేయడానికి. అందుకే సారాంశంలో ‘90 రోజులు, ఆపైన 28 రోజులు’ అని రాసి ఊరుకోవద్దు. లెక్కేసి ఆఖరి తేదీ రాయండి. బ్యాంకుకి వెళ్లే మనిషికి కావాల్సింది ఆ తేదీనే.

ఇంకో తేదీల వరుస డాక్యుమెంట్‌లో ఉండదు, మీరే వెనక్కి లెక్కేసుకుని వేయాలి. గ్యారంటీకి బ్యాంకుకి ఎన్ని రోజులు పడుతుంది, తయారీదారు లెటర్‌కి ఎన్ని రోజులు, నోటరీ, పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, డిజిటల్ సంతకం, ఆడిట్ సంతకం. ప్రతిదానికీ ఎవరు చూస్తారు, ఎప్పటికల్లా మొదలుపెట్టాలి అని రాయండి. వీటిలో ఏదో ఒకటి ఇప్పటికే దాటిపోయి ఉంటే బిడ్ నిర్ణయం అక్కడే తేలిపోతుంది. అది గడువు ముందు రోజు కాకుండా ఇవాళే తెలియాలి.

సమర్పించాల్సిన కాగితాల పట్టికకి డాక్యుమెంట్ చెక్‌లిస్ట్ ఇచ్చినా దాన్నే నమ్ముకోవద్దు. చెక్‌లిస్ట్‌లో లేకుండా క్లాజుల్లో మాత్రమే అడిగిన కాగితాలు ఉంటాయి. పై వెతుకులాటలో shall submit కింద దొరికినవన్నీ చెక్‌లిస్ట్‌తో ఒకటికొకటి సరిచూస్తే అవి బయటపడతాయి. ప్రతి కాగితానికీ ఫారం నంబరు, ఎవరు సంతకం చేయాలి, ఏ కవర్‌లోకి వెళ్లాలి, అసలు ప్రతి కావాలా స్కాన్ చాలా అన్నవి రాయండి. రెండు కవర్ల పద్ధతి అయితే ధర ఎక్కడా సాంకేతిక కవర్‌లోకి రాకూడదు. కెమెరాల స్పెసిఫికేషన్ షీటుతో పాటు పాత కొటేషన్ పేజీ ఒకటి పొరపాటున అప్‌లోడ్ అయినా బిడ్ పోయినట్టే. ఆన్‌లైన్ టెండర్ అయినా సెక్యూరిటీ అసలు కాగితం మాత్రం ఆఫీసులో చేతికి ఇవ్వాలని కొన్నిచోట్ల అడుగుతారు. దానికి గడువు వేరుగా ఉందేమో చూడండి. గ్యారంటీ నమూనా డాక్యుమెంట్‌లో ఇచ్చి ఉంటే బ్యాంకు తన సొంత నమూనాలో ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. జాయింట్ వెంచర్ అయితే గ్యారంటీ ఎవరి పేరు మీద ఉండాలో కూడా రాసుకోండి. వెంచర్ ఇంకా చట్టప్రకారం ఏర్పడకపోతే సాధారణంగా భాగస్వాములందరి పేర్లూ ఉండాలంటారు.

మీరు మూడే అడిగారు గానీ, వేయాలో వద్దో తేల్చాలంటే ఇంకో అర పేజీ కావాలి. అది డబ్బు ఎప్పుడు వస్తుంది, ఎంత ఇరుక్కుపోతుంది అన్నది. ఇది ప్రత్యేక షరతుల్లో ఉంటుంది. మీ బిడ్ 100 లక్షలు అనుకోండి. 10 శాతం పెర్ఫార్మెన్స్ గ్యారంటీ మెయింటెనెన్స్ మూడేళ్లూ ఉండాలి. బ్యాంకు దానికి పూర్తి మార్జిన్ అడిగితే 10 లక్షలు ఇరుక్కుంటాయి. బిల్లులో 15 శాతం ఆపి, మూడేళ్లలో విడతలుగా ఇస్తారనుకుంటే ఇంకో 15 లక్షలు. మొత్తం 25 లక్షలు బయట ఉండగా, ఈ పనిలో మీ లాభం 12 లక్షలు అనుకుంటే మధ్యలో జీతాలకి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారన్నది పార్ట్‌నర్లు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆలస్యానికి జరిమానా వారానికి ఎంత శాతం, ఎంత వరకు అన్నది కూడా ఇక్కడే రాయండి. గరిష్ఠ పరిమితి లేకపోతే ఆ సంగతి స్పష్టంగా రాయండి.

రెండు పేజీల కాగితం పైభాగం ఇలా ఉంటే చాలు:

> ఇప్పటివరకు చూసినవి: అసలు డాక్యుమెంట్, సవరణ 1, సవరణ 2. చూసిన తేదీ: జూన్ 10.
> అభిప్రాయం: రెండు సంగతులు తేలితే వేయొచ్చు. (1) 175 లక్షల సంవత్సరం ఆడిట్ సంతకం జూన్ 22లోగా. (2) సబ్‌కాంట్రాక్టర్‌గా చేసిన 41 లక్షల పని చెల్లుతుందా అన్న ప్రశ్నకి జవాబు.
> ఒక్కటి కాకపోయినా వేయలేం.
> ముందుగా ముంచుకొచ్చే గడువు: ప్రశ్నలు పంపడానికి జూన్ 15.
> ఇరుక్కునే డబ్బు: 25 లక్షలు. 15 లక్షలు మూడేళ్లలో విడతలుగా, గ్యారంటీ 10 లక్షలు మూడేళ్లు అయ్యాక తిరిగి వస్తాయి.

కింద మూడు పట్టికలు. రెండు పేజీలు దాటుతుంటే మొదట తీసేయాల్సింది ‘ఉంది’ అని తేలిన అర్హతల వివరాలు. వాటిని ఒక్క వరుసలో క్లాజు నంబర్లతో సరిపెట్టండి. ‘తేలాలి’ అన్నవాటికి మాత్రం ఎంత చోటైనా ఇవ్వండి.

రాశాక డాక్యుమెంట్ చదవని ఇంకొకరికి ఇచ్చి, సారాంశంలోని ప్రతి అంకె, ప్రతి తేదీ తీసుకుని క్లాజు నంబరు పట్టుకుని అసలు పేజీకి వెళ్లి చూడమనండి. మీరే మళ్లీ చదివితే రాసింది సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ మనిషికి క్లాజు దొరకకపోతే లేదా అంకె వేరుగా కనిపిస్తే అది సరిచేశాకే పార్ట్‌నర్లకి ఇవ్వండి.

పంపే ప్రశ్నలు కూడా ఇదే కాగితం నుంచి వస్తాయి. ‘సబ్‌కాంట్రాక్ట్ అనుభవం ఒప్పుకుంటారా?’ అని ఊరికే అడిగితే ‘టెండర్ షరతుల ప్రకారం’ అనే జవాబు వస్తుంది. క్లాజు నంబరు వేసి, అందులోని మాటలు దించి, ‘పని పూర్తయిందని ప్రధాన కాంట్రాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే, సబ్‌కాంట్రాక్టర్‌గా చేసిన పని ఈ క్లాజు కింద లెక్కలోకి వస్తుందా?’ అని అవును లేదా కాదు అనే జవాబు వచ్చేలా అడగండి. మీ సంస్థ అంకెలు ప్రశ్నలో పెట్టొద్దు. సాధారణంగా అడిగినవాళ్ల పేరు చెప్పకుండా ప్రశ్న, జవాబు రెండూ బిడ్డర్లందరికీ పంపుతారు. ఆ జవాబులు చాలాసార్లు సవరణ 3గానే వస్తాయి. అది రాగానే పై పెట్టెలో ‘చూసినవి’ వరుస మార్చి, తేదీలన్నీ మళ్లీ లెక్కేసి, బ్యాంకుకి ఇచ్చిన గ్యారంటీ తేదీ ఇంకా సరిపోతుందా అని ఆ రోజే చూసుకోండి.